సగం గోళీ

భోపాలపట్నం ఆసుపత్రిలో, బట్టల దుకాణం నడిపే శ్రీరంగం కాకా నా ఎదుట హుషారుగా కూర్చున్నాడు. కిందటిసారి ఆయన షుగర్ మందును నేను సగానికి తగ్గించాను.

“అంటే బీమారీ సగం తగ్గినట్టే గద, డాక్టరమ్మా?”

“తగ్గింది నీ కిడ్నీల పని, కాకా. ఆ మందును బయటికి పంపేది అవే. అవి మెల్లబడితే మందు ఒంట్లో పేరుకుపోతది. అందుకే తగ్గించిన.”

ఆయన జేబులోంచి గోళీల పొట్లం తీశాడు.

“అయితే నేను చేసింది సరైందే. మోకాళ్ళ నొప్పి గోళీ గూడ సగమే మింగుతున్న.”

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ తర్కానికి ముచ్చటేసింది కూడా.

“ఇది వేరే సంగతి. కిడ్నీలకు నెత్తురు తెచ్చే సన్న నాళాలుంటయి. కిడ్నీలు అలిసిపోతే, ఒళ్ళే ఆ నాళాలను తెరిచి పెడతది. ఈ గోళీ నొప్పితోపాటు ఆ పనిని గూడ ఆపుతది. నాళాలు ముడుచుకుంటయి, కిడ్నీలకు నెత్తురందదు. సగం కాదు, మొత్తం బంద్ చెయ్యి. పారాసిటమాల్ రాస్త, చెప్పినంతే వేసుకో.”

“గింత గోళీ అంత పని చేస్తదా!” అంటూ ఆయన ఒక ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు.

అప్పుడు నాకు తట్టింది. “మరి మిగతా సగాలేం చేస్తున్నవ్?”

“పారేస్తమా? ఇంటామెకిస్తున్న. ఆమెకు గూడ షుగరే. ఈ మధ్య కాళ్ళు ఉబ్బుతున్నయని...”

మాట మధ్యలోనే ఆయన ఆ ముక్కను పొట్లంలో పడేసి, “ఆ ఉబ్బు గూడ కిడ్నీలదేనా, డాక్టరమ్మా?” అన్నాడు.