గ్లాసు అడుగున మడ్డి

కరీంనగర్‌లో మాది కాఫీ పొడి దుకాణం. మా ఆయన విద్యాసాగర్‌రావు గింజలు వేయించి, పొడి పట్టి అమ్మేవాడు. అందుకే పొద్దుటి కాఫీ విషయంలో నా చేతిని ఎన్నడూ నమ్మలేదు. ఇత్తడి ఫిల్టరులోంచి దిగిన చిక్కటి డికాక్షన్‌లో పాలు కలిపి, ముందు నాకిచ్చి తరువాత తను తాగేవాడు. మేమిద్దరం నిమ్మళంగా మాట్లాడుకునేది అప్పుడే. ఆ తరువాత రోజంతా బేరాలే.

తొంభై మూడులో ఆయనకు గుండెపోటు వచ్చింది. రక్తంలో కొవ్వు ఎక్కువుందన్నాడు హైదరాబాద్ డాక్టరు. కాఫీ గింజలో ఉండే నూనె దాన్ని ఇంకా పెంచుతుందట. ఇత్తడి చిల్లుల్లోంచి ఆ నూనె దిగిపోతుందట, కాగితమైతే పట్టేసుకుంటుందట. "కాగితంల వడగట్టి తాగుతె తాగుండి, లేకుంటె బందు జేయుండి" అన్నాడు. మా తమ్ముడు అక్కడే ఒక కట్ట కాగితం ఫిల్టర్లు కొనిచ్చాడు.

ఇంటికొచ్చిన మొదటి రోజే ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"సరళా, గిది గ్లాసు కడిగిన నీళ్ల లెక్కుంది. నాలిక మీద నిలుస్తలేదు."

"కాఫీ నిలవకపోతె పాయె, మీరుండాలె గద" అన్నాను. మర్నాటి నుంచి ఆయన కాఫీయే మానేసి, తెల్లారగానే దుకాణం తెరిచేవాడు. ఆయన లేని పొద్దు నాకు మింగుడు పడేది కాదు. కోపమొచ్చేది, ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

మా అమ్మగారింట్లో గుడ్డలో వడగట్టడం గుర్తొచ్చింది. సిరిసిల్ల నుంచి బట్టల మూటలతో వచ్చే అంబదాస్ మా దగ్గరే పొడి కొనేవాడు. అతణ్ణి అడిగితే నూలు గుడ్డ తెచ్చిచ్చాడు. కొత్త గుడ్డే కదా అని సంచి కుట్టి వెంటనే పోశాను. డికాక్షన్ దిగదే. దిగిన నాలుగు చుక్కలూ గంజి వాసన. మా ఆయన చాలా రోజుల తరువాత నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అంబదాస్ మళ్లీ వచ్చినప్పుడు పట్టుకున్నాను.

"ఏం గుడ్డ ఇచ్చినవయ్యా?"

"మగ్గం మీదికెల్లి దింపిన బట్ట అమ్మా. పోగు తెగకుండ గంజి వెడ్తం గద. ఉడకవెట్టకుండ ఎట్ల వోసినవు? జర మంచిగ ఉడకవెట్టు. సబ్బు మాత్రం పెట్టకు, దాని వాసన పోదు."

ఉడకబెట్టాక కాఫీ చక్కగా దిగింది. నోటికి పొడి తగల్లేదు, అయినా చిక్కదనం ఉంది. మా ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. నాకు పట్టరాని సంతోషమైంది, వెంటనే గుడ్డ ఆ నూనెను ఆపుతోందా అని అనుమానమూ వచ్చింది. ఇత్తడి, గుడ్డ, కాగితం మూడింటిలోనూ డికాక్షన్ దించి తెల్ల సాసర్లలో పోసి కిటికీ దగ్గర పెట్టాను. ఇత్తడి దాని మీద నూనె బొట్లు మెరుస్తున్నాయి. గుడ్డ దాని మీద తక్కువే, కానీ ఉన్నాయి. కాగితం దాని మీద ఏమీ కనబడలేదు.

"గా నూనెలనే ఉంది రుచి" అన్నాడాయన దిగులుగా.

"రుచి ఏంజేసుకుంటనండి? నాకు మీరు గావాలె" అని ఆ సంచి తీసి పొయ్యిలో వేశాను. ఆయన కాగితం ఫిల్టర్ల కట్ట అందుకున్నాడు.

"సరే, కాగితం దాంట్లదే తాగుత. కని నువ్వు ఇత్తడిదే తాగాలె. ఇద్దరం పరేషాన్ ఎందుకు?"

సరేనన్నాను. తన కాఫీ తను, నా కాఫీ నేను కలుపుకునే ఏర్పాటైంది. ఆయన ముందు కూర్చుని ఇత్తడి కాఫీ తాగితే నాకు గొంతు దిగుతుందా? వంటింట్లో నా గ్లాసులోనూ కాగితం డికాక్షనే పోసుకునేదాన్ని. చలికాలం అట్లాగే గడిచింది. ఒకరోజు ఆయన నా గ్లాసు తీసి లోపలికి తొంగి చూశాడు.

"సరళా, మడ్డేది?"

ఇత్తడి ఫిల్టరులోంచి సన్నపొడి కొంచెమైనా దిగి గ్లాసు అడుగున మడ్డిలా నిలుస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియదా? నా గ్లాసు అడుగు తళతళలాడుతోంది. దొరికిపోయాను, దాంతో కోపం ముంచుకొచ్చింది.

"అవును, మీరు తాగేదే నేను తాగుతున్న. ఏం జేస్తరు?"

మర్నాడు ఆయన నాకంటే ముందే లేచాడు. నాకు ఇత్తడి ఫిల్టరు దింపి పాలు కలిపాడు. తనకోసం తక్కువ వేయించిన గింజల పొడి కాగితంలో వేసి, వేడినీళ్లు మెల్లగా పోశాడు. పాలు కలపలేదు. గాజు గ్లాసులో ఎర్రగా, అవతలి కిటికీ కనబడేంత తేటగా ఉందది.

"ఇన్నొద్దులు పాలు వోసి దీన్ని ఇత్తడి కాఫీ జేయాలని చూసిన. తప్పు నాదే. దీంట్ల గింజ రుచి సాఫ్‌గ తెలుస్తది, జర పులుపు, జర తీపి. పాలు వోస్తె మునిగిపోతది" అన్నాడు.

"నిజంగ మంచిగుందా, నాకోసం అంటున్నరా?"

"ఇత్తడి దానంత గాదు. కని నీ పక్కకు కూసోని తాగొచ్చు."

నా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి దీర్ఘంగా వాసన పీల్చి, రెండు చేతులతో నాకందించాడు.

"తాగు సరళా. దాని రుచి నీ మొకంల జూస్త."

ఏడుస్తూనే తాగాను.