వంటింటి కొటేషన్‌కు గ్లాసెడు నీళ్ళు

గుంటూరు యార్డులో మిరప టిక్కీ బస్తా మూతి విప్పకుండానే లోపల రంగు చెడిన తాలుకాయ ఎంతుందో చెప్పగలవాణ్ణి నేను. ఈ పేరయ్యను మోసగించే వ్యాపారి ఇంకా పుట్టలేదు.

అందుకే రెండువేల ఆరులో సత్తెనపల్లిలో ఇల్లు కట్టినప్పుడు, కోడలు మాధవీలత ముచ్చటపడ్డ మాడ్యులర్ కిచెన్ బేరం నా నెత్తిన వేసుకున్నాను. కొత్త ఇంట్లో ఆమె అడిగింది అదొక్కటే. చెడిపోతే మళ్ళీ చేయించే స్తోమత మాకు లేదు.

మా ఆవిణ్ణీ కోడల్నీ వెంటబెట్టుకుని గుంటూరు షాపుకెళితే, అశోక్ అనే మేనేజరు కూల్‌డ్రింకు ఇచ్చి, కొటేషన్ చదివాడు. ఎల్ ఆకారం, పద్దెనిమిది రన్నింగ్ ఫీట్లు. బోర్డు ఇంజనీర్డ్ వుడ్. కీళ్ళు, సొరుగు చానెళ్ళు ఇంపోర్టెడ్. నేను తల ఊపాను. రెండో కూల్‌డ్రింకు తెప్పించాడు. ఇంకాస్త గట్టిగా ఊపి, సంతకానికి పెన్ను అందుకున్నాను.

"ఆగండి మామయ్యా," అంది మాధవీలత. "ఇంపోర్టెడ్ అంటే ఏ కంపెనీ అండి? పేరు రాయలేదే."

"మంచి కంపెనీ మేడమ్."

"మంచి కంపెనీకి పేరుండదా? పైన గ్రానైట్ ఇందులోనేనా?"

"అది విడిగా మేడమ్."

"మా గోడలు ఒకటి పది, ఒకటి ఎనిమిది. మూలలో రెండడుగులు రెండు గోడలకీ లెక్కేశారు. అరమర ఒక్కటేగా అక్కడ?"

"కొలిచింది బాబాయిగారేనండి," అని నన్ను చూపించాడు అశోక్. నేను కూల్‌డ్రింకులో మునిగాను.

మా ఆవిడ వెంకటరావమ్మ ముందుకొచ్చింది. శుక్రవారం వచ్చిందంటే బిందెలకొద్దీ నీళ్ళు పోసి వంటిల్లు కడిగే మనిషి. చేతిలోని గ్లాసు నీళ్ళు నిదానంగా షోరూమ్ అరమర అడుగుపట్టీ మీద వంచింది. అశోక్ ఎగిరి స్టూలెక్కి, "వద్దండి అమ్మగారూ, ఉబ్బిపోద్ది," అని అరిచాడు.

"చూశావుటే అమ్మాయీ? మనింట్లో మొదటి శుక్రవారానికే పూరీలా పొంగుద్ది," అంది మా ఆవిడ.

"తుడుచుకోవాలండీ, కడక్కూడదు," అని గొణిగాడతను.

"పప్పు పొంగితే నువ్వొచ్చి తుడుస్తావా?"

ఇంజనీర్డ్ వుడ్ అంటే రంపపు పొట్టు అదిమిన బోర్డని అప్పుడు ఒప్పుకున్నాడు. కొటేషన్ మళ్ళీ రాశాడు. పెట్టెలకు నీళ్ళకు ఉబ్బని మెరైన్ ప్లైవుడ్, ఏడొందల పది గ్రేడు. అడుగున స్టీలు కాళ్ళు. కీళ్ళకూ చానెళ్ళకూ కంపెనీ పేరు. నల్ల గ్రానైటు, దాని మందం, అంచు పాలిషుతో సహా అందులోనే. అడుగులు పదహారు. ఫుట్ రేటు పెరిగింది, అడుగులు తగ్గాయి. మాధవీలత ప్రతి పంక్తీ చదివాక గానీ పెన్ను నాకివ్వలేదు.

ఇప్పుడా వంటింట్లో శుక్రవారం నీళ్ళు కాళ్ళ కిందుగా పారిపోతాయి. బేరం నేనే కుదిర్చానని ఊళ్ళో చెప్పుకుంటుంటాను. మీకు మాత్రం నిజమే చెప్పాను, ఒక్కటి తప్ప. అశోక్ స్టూలెక్కలేదు. ఆ షాపులో అసలు స్టూలే లేదు.