తగ్గించిన వాయిదా

కోడలు గౌను ఒళ్ళో పెట్టుకుని కచ్చా కుట్లు విప్పుతోంది. తెల్లదారం ఒక కొస పట్టుకుని లాగితే సగం దాకా సులువుగా వచ్చి, చంక దగ్గర పట్టేసింది. సూదితో దాన్ని లేపుతూ ముందు గదిలో మాటలు వింటోంది.

అక్కడ ఫైనాన్సు వాయిదాలు వసూలు చేసే ఆయన కూర్చున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచడు కాబట్టి వీధిలో అందరూ చల్లనయ్య అంటారు. అత్తయ్య ఆయన ముందు టీ, బిస్కెట్ల ప్లేటు పెట్టింది.

"మీ భుజం నొప్పి చూసి పోయిన ఏడాది ఆరు వేల వాయిదాని మూడు వేలు చేశాం," అంటున్నాడు కోడలి మామగారైన టైలర్‌తో. "ఇప్పుడు రెండున్నర చేద్దామని ఆఫీసులో నేనే అడిగాను. ఇక్కడ ఒక సంతకం పెడితే చాలు."

"నీ కడుపు చల్లగుండ, నాయనా," అంది అత్తయ్య.

టైలర్ కలం అందుకున్నాడు. అప్పు తీర్చేదాకా ఈ ముందు గది, అందులోని ఎంబ్రాయిడరీ మిషను తాకట్టులోనే ఉంటాయి.

కోడలు గౌను భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. "రెండున్నర వేలు కడితే ఎప్పటికి తీరుతుందండీ?"

"అది తర్వాత చూద్దాం లేమ్మా. ముందు మీకు సులువుగా ఉండాలి కదా."

"పోనీ, ఇప్పుడు బాకీ ఎంతుంది?"

చల్లనయ్య ఫోను తీసి చూశాడు. "రెండు లక్షల పదమూడు వేల నాలుగు వందల పన్నెండు."

"పోయిన నెల?"

ఆయన వేలితో ఫోను తెర కిందికి జరిపాడు. "రెండు లక్షల పన్నెండు వేల నూట అరవై తొమ్మిది."

టైలర్ కలం బల్ల మీద పెట్టేశాడు. "వాయిదా తగ్గించినప్పుడు సరిగ్గా రెండు లక్షలుంది. ఏడాదిగా ఒక్క నెలా తప్పకుండా కట్టాను."

"కట్టారండీ. తప్పారని నేను అనలేదే."

"మరి బాకీకి కాళ్ళొచ్చాయా?" అంది అత్తయ్య.

కోడలు గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది. నూటికి నెలకు రెండు వడ్డీ. రెండు లక్షలకు నాలుగు వేలు. దాని కింద మూడు వేలు రాసి గీత గీసింది. మిగిలింది వెయ్యి.

"ఇదిగో, ఈ వెయ్యి ఎక్కడికి పోయిందండీ?"

"బాకీలో కలుస్తుందమ్మా."

"మరుసటి నెల దాని మీద కూడా వడ్డీ పడుతుంది. ఇప్పుడు ఒక్క నెల వడ్డీయే నాలుగు వేల రెండు వందలు దాటింది. మేం మూడు వేలు కడితే అసలులో రూపాయి కూడా తగ్గదు, పైగా పెరుగుతుంది. రెండున్నర కడితే ఇంకా తొందరగా పెరుగుతుంది."

"మీరే తగ్గించమని అడిగారు. మేం తగ్గించాం."

"మేం అడిగాం, నిజమే. వడ్డీ కన్నా తక్కువ అవుతుందని మీరు చెప్పలేదు."

"ఎవరూ అడగరమ్మా," అన్నాడు చల్లనయ్య. ఆ మాటలో కోపం లేదు.

"నేను అడుగుతాను. ఇకనుంచి మీరు వచ్చిన ప్రతిసారీ ముందు బాకీ చెప్పాలి. పోయిన నెల కన్నా తగ్గిందో లేదో చూసుకున్నాకే డబ్బు చేతిలో పెడతాం."

అత్తయ్య బిస్కెట్ల ప్లేటు మెల్లగా తన వైపు లాక్కుంది. ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"సంతకం లేదు," అంది కోడలు. "పాత వాయిదానే. ఆరు వేలు. ఇవాళ మూడు తీసుకోండి, తక్కినవి నెలాఖరులోపు."

"ఆవేశపడకండి. ఎక్కడినుంచి తెస్తారు? అది కూడా తప్పితే జరిమానా పడుతుంది."

ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. వెనక వీధిలో స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డు ఉంది. దాని యజమాని ఒకప్పుడు ఈ ఇంట్లోనే గుండీలు కుట్టడం నేర్చుకున్నాడు. ముక్కకింత అని కూలి ఇస్తాను రమ్మని కబురు పెడితే, "నా శిష్యుడి గడప తొక్కనా?" అని టైలర్ రెండుసార్లు తిప్పి పంపాడు.

కోడలు మామగారి వైపు చూడలేదు. గౌను ఒళ్ళో వేసుకుని చంక దగ్గర మిగిలిన దారం పట్టుకుంది.

"కుట్టులోకి పోయేంత గుడ్డ కూడా వదలకుండా కత్తిరిస్తే మీరు ఊరుకుంటారా?" అంది దారంతోనే మాట్లాడుతున్నట్టు. "వాయిదా దగ్గర ఎందుకు ఊరుకున్నాం?"

టైలర్ బల్ల మీది లెక్కని కాసేపు చూశాడు. సుద్ద గీతలు తుడిచే అలవాటున్న చెయ్యి దాన్ని తుడవలేదు. సంతకం పెట్టని కాగితాన్ని చల్లనయ్య వైపు జరిపాడు. టేపు మెడలో వేసుకున్నాడు. పెద్ద కత్తెరను గుడ్డలో చుట్టుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక వీధి వైపు వెళ్ళిపోయాడు.