జవాబు శ్రమ

హిసాయె ఆరో ఈమెయిల్ టైపు చేస్తోంది. “మా కృతజ్ఞతకు మీరు తెలిపిన కృతజ్ఞతకు” అని రాసి ఆగింది. జపాన్‌లోని సకాత పట్టణంలో అట్టపెట్టెలు తయారుచేసే ఆ కంపెనీలో ముప్ఫై ఏళ్లుగా ఆమెది అదే కుర్చీ. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. కాగితాలు మడిచీ మడిచీ బొటనవేలి గోరు అరిగిపోయింది.

బియ్యప్పిండి బిళ్లలు అమ్మే కురొసె గారు పెట్టెలు అందాయని కృతజ్ఞత తెలిపారు. ఆమె బదులిచ్చింది. ఆయన మళ్లీ రాశారు. సరుకు అమ్మేవాళ్లు తగ్గి ఉండాలి కనుక చివరిమాట తనదేనని ఆమె అనుకునేది. శ్రమ పెట్టింది తాను కనుక చివరిమాట తనదని ఆయన అనుకునేవారు. ప్రతి ఈమెయిల్ చివరా “మీ మోకాలు ఎలా ఉంది?” అని ఆయన అడిగేవారు. ఇంకెవరూ అడిగేవారు కాదు.

“మళ్లీ ఆయనకేనా హిసాయె గారూ? మీరిద్దరూ దండాలు పెట్టుకుంటూ గుమ్మంలోనే ఉండిపోయేలా ఉన్నారు,” అంది పక్కబల్ల తొమొయొ.

“నవ్వులాట కాదు. ఇవాళ్టితో ఆపేయండి,” అన్నాడు సెక్షన్ అధికారి నిషిగుచి.

“ఆపేస్తానండీ,” అంది హిసాయె.

“జవాబు అవసరం లేదు” అని రాసి చెరిపేసింది. పెద్దాయనతో, అందులోనూ కొనే ఆయనతో, అది ఆజ్ఞలా ఉంటుంది. “వీలైనప్పుడు” అంటే తలుపు తెరిచి ఉంచినట్టే. ప్రశ్న ఉండకూడదు. కొత్త కబురు ఉండకూడదు. మోకాలి సంగతి తీసేసింది. “వానాకాలం, ఆరోగ్యం జాగ్రత్త. దయచేసి జవాబు కోసం శ్రమ పడకండి” అని ముగించి పంపింది.

సాయంత్రం దాకా ఏదీ రాలేదు.

“చూశారా, ఆయనకి అర్థమైపోయింది,” అంది తొమొయొ.

“అర్థమైంది,” అంది హిసాయె. కంప్యూటర్ కట్టేసే ముందు ఇంకోసారి చూసుకుంది.

తొమ్మిదో రోజున కురొసె గారి కోడలు ఫోన్ చేసింది.

“మామగారు పోయారండీ. మీ ఈమెయిల్ వచ్చిన రోజే, మధ్యాహ్నం. చదువుకుని, ‘ఇంక రాయొద్దంటోంది, పాపం విసిగించాను’ అన్నారు. కాసేపటికి కుర్చీలోనే...”

హిసాయె ఫోన్ పట్టుకునే తల వంచింది. “నేను అలా అనలేదండీ” అనబోయి, సంతాపం మాటలే చెప్పింది.

అంత్యక్రియలు అప్పటికే అయిపోయాయి. అగరుబత్తుల కానుక పోస్టులో పంపింది. నలభై తొమ్మిది రోజుల సంతాపం ముగిశాక, బదులుగా వాళ్ల ఇంటినుంచి తేయాకు డబ్బా వచ్చింది. ఇలాంటి బదులుకు ఎవరూ కృతజ్ఞత రాయరు. రాస్తే ఆ చావును మళ్లీ పిలిచినట్టవుతుంది.

జవాబు రాయబోయి తీసిన పెన్నుకు ఆమె మూత పెట్టేసింది. బల్ల మీద, సంతాపానికి వాడే నల్లగీతల కాగితం చుట్టి, దారం కట్టిన డబ్బా, ముడి విప్పకుండా అలాగే ఉంది.