ఐదు, పదిహేను, ఇరవై ఐదు

ఆ లోన్ ఆఫీసర్ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండింది. నా ఆర్నెల్ల స్టేట్‌మెంట్ మీద ఎర్ర పెన్నుతో గీతల మీద గీతలు గీస్తున్నాడు. పక్కన మా ఆయన ఏసీ గదిలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

పన్నెండేళ్ళుగా నేను బట్టలు కుడుతున్న కొట్టు అమ్మకానికొచ్చింది. ఈ నెలాఖరులోగా డబ్బు కట్టకపోతే ఓనరు వేరేవాళ్ళకి రాసిచ్చేస్తాడు.

"ప్రతి నెలా ఐదు, పదిహేను, ఇరవై ఐదు తేదీల్లో నిల్వ చూసి సగటు తీస్తాం. మీది అరవై ఎనిమిది వేల నాలుగొందలు."

"బాగానే ఉందిగా!"

"బాగుండాలనే చేశారు. నాలుగున యాభై వేలు పడుతుంది, ఆరున పోతుంది. పద్నాలుగున పడుతుంది, పదహారున పోతుంది. ఇరవై నాలుగున మళ్ళీ. మాకు కళ్ళు లేవనుకున్నారా?"

నేను మా ఆయన వైపు తిరిగాను. నా ఖాతా నడిపే ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది.

"ఆ తేదీలే చూస్తారని ఫ్రెండ్ చెప్పాడే..." అని నసిగాడు.

"ఆ యాభై వేలు తీసేస్తే ఎంత?" అని ఆఫీసర్‌ని అడిగాను.

"పద్దెనిమిది వేల నాలుగొందలు. కొత్త వాయిదా పదిహేడు వేలు. నిల్వ అంతుంటే చాలు మాకు."

చాలంట! నా కష్టం చాలిందంట! మా ఆయన జుట్టు పట్టుకుని ఊపాలనిపించింది.

"మరింకేం?"

"మీ నికరాదాయం నెలకి అరవై వేలు. అందులో సగానికి మించి వాయిదాలకి పోకూడదు. మిషన్ల లోను పన్నెండు, మాది పదిహేడు, మొత్తం ఇరవై తొమ్మిది వేలు. నూటికి నలభై ఎనిమిది, సరిపోయేది. కానీ ఈ మూడు వేలేంటి? ఆర్నెల్లుగా కడుతున్నారు, ఇంకా పద్దెనిమిది వాయిదాలున్నాయి. కలిపితే యాభై మూడు."

"ఏ మూడు వేలు?"

మా ఆయన తలెత్తలేదు. "ఆ యాభై వేలు ఫోన్లో నీ పేరు మీద అప్పు తీసుకున్నా."

నిల్వ పెంచడానికి అప్పు, ఆ అప్పుతో లోను గల్లంతు! ఛీ, ఏం బుర్రయ్యా నీది!

"ఇవాళే కట్టేస్తాం సార్," అన్నాను.

"కట్టండి. కానీ ఇలా డబ్బు తిప్పిన స్టేట్‌మెంట్ నేను పైకి పంపను. ఆర్నెల్లు శుభ్రంగా నడిపి రండి." ఫైలు మూసి నా వైపు తోశాడు.

మెట్ల మీద మా ఆయన నా చెయ్యి పట్టుకోబోయాడు. "నీ కోసమే కదే చేశాను!"

"నన్నొక్క మాట అడిగుంటే నీ సొమ్మేం పోయేది? నా సంపాదన చాలదని నువ్వే తేల్చేశావా?" జనం తిరిగి చూశారు. చూడనీ. ఆయన జేబులోంచి ఫోన్ లాక్కున్నాను.

"పద, ఇంటికెళ్దాం," అన్నాడు మెల్లగా.

"నువ్వెళ్ళు. నేను కొట్టు ఖాళీ చెయ్యాలి."