ఓచరు లేని బదిలీ

సాయంత్రం అయిదున్నరైనా బ్యాంకులో లెక్క తేలలేదు. ఆ రోజు లావాదేవీల జాబితా ముందేసుకుని ఓచర్లకి ఒక్కొక్కటే టిక్కు పెడుతున్న ఆఫీసరమ్మకి ఒక బదిలీకి ఓచరే కనబడలేదు. రిటైరైన ఒక నర్సు ఖాతాలోంచి మూడు లక్షల అరవై వేలు, ఎనిమిది రోజుల కిందట తెరిచిన ఎవరిదో ఖాతాలోకి వెళ్ళాయి. ఫోన్ చేస్తే, "మోకాలి ఆపరేషన్ డబ్బమ్మా అది. నేను బ్యాంకు గడప తొక్కి నెల దాటింది" అందావిడ. ఆ మాట విన్నాక ఆఫీసరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ముందు ఆ కొత్త ఖాతాని ఆపించింది. రెండు లక్షలు చిక్కాయి. లక్షా అరవై వేలు ఒంటిగంటా యాభై ఎనిమిదికే ఇంకో బ్యాంకుకి ఎగిరిపోయాయి. ఆ బ్యాంకుకి ఫోను చేసి, మెయిలూ పెట్టి, రిపోర్టు రాయడానికి కూర్చుంది.

ఎంట్రీ పడింది క్లర్కు ఐడీతో, ఒంటిగంటా నలభైకి. అప్పుడాయన కంప్యూటరు లాక్ చేయకుండా భోజనానికి పోయాడు. దాన్ని పాస్ చేసింది మేనేజరు ఐడీ, నిమిషం తర్వాత. మేనేజరేమో పన్నెండు నుంచి నాలుగు దాకా బయట మీటింగులో ఉన్నాడు. ఎవరు నొక్కారో కెమెరా తేలుస్తుంది. మేనేజరు పాస్‌వర్డు ఎలా దొరికిందో మాత్రం కెమెరా చెప్పక్కర్లేదు. కూతురి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. నీళ్ళ డబ్బాలు తెచ్చేవాడికి కూడా తెలుసు. ఎప్పుడు బయటికెళ్ళినా, "పని ఆపకండి, నా దాంతో పాస్ చేసేయండి" అని ఫోను చేసే మహానుభావుడాయన.

"క్లర్కు ఓచరు చూపించి నన్ను నమ్మించాడని రాయండమ్మా" అన్నాడు మేనేజరు, కుర్చీ లాక్కుని.

"మీరు బ్రాంచిలోనే లేరు కదండీ."

"మీటింగు సంగతి ఎవడడిగాడు? ఇంతకీ ఇవాళ నా ఐడీతో పాసైంది అదొక్కటేనా?"

ఆఫీసరమ్మ జాబితా మళ్ళీ చూసింది. ఇంకో రెండున్నాయి. పన్నెండున్నరకొకటి, మూడూ అయిదుకొకటి. రెండూ నిజమైన పనులే, రెండిటికీ ఓచర్లున్నాయి. ఆయన ఐడీతో పాస్ చేసింది మాత్రం ఆమే. మేనేజరు మీద కోపం సగం తన మీదికే తిరిగింది.

క్లర్కు ఆమె దగ్గరికొచ్చాడు. పద్నాలుగు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషి. "నా మీదే రాసెయ్, అమ్మాయ్. నీకు పిల్లలున్నారు."

"నువ్వు ఊరుకో, బాబాయ్. కంప్యూటరు లాక్ చేయడం చేతకాదు గానీ త్యాగాలకి తయారయ్యావ్" అని కసిరి, కీబోర్డు మీద విరుచుకుపడింది.

లాక్ చేయని కంప్యూటరు, మీటింగు, ఊరందరికీ తెలిసిన పాస్‌వర్డు, అన్నీ టైములతో సహా రాసింది. చివరగా ఆరో అంశం: "పన్నెండున్నరకి, మూడూ అయిదుకి మేనేజరు పాస్‌వర్డు వాడింది ఈ రిపోర్టు రాస్తున్న నేనే."

హెడ్డాఫీసుకి పంపేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి మేనేజరు ముందు పడేసింది.

"అందినట్టు మీరూ సంతకం పెట్టండి. ఇది మీ బదులు ఇంకెవరూ పెట్టలేరు."