సోమవారం వీడియోలో శాంత పేరు

మా బట్టల కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఒక వీడియో చూపిస్తారు. అది చూపించే గదికీ, నేను కుట్టుపని తల్లుల పిల్లల్ని చూసుకునే గదికీ మధ్య ఒక్కటే గోడ. వీడియోలో మాట్లాడేది నా బిడ్డ శాంత. ఆమె పోయి అప్పటికి ఐదు నెలలు. వానాకాలం జ్వరం, సిరిసిల్ల ఆస్పత్రిలో నాలుగు రోజులు, అంతే.

ఆ వీడియో తయారైన రోజులు నాకు బాగా గుర్తు. రాసింది తేజస్విని, కోరుట్ల పిల్ల, ఆఫీసులో కొత్తవాళ్లను చేర్చుకునే మేడం. కాగితానికి నడుమ గీత కొట్టి, ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది రాసుకునేది. మధ్యాహ్నం నా గదిలోనే టిఫిన్ డబ్బా విప్పి, రాసింది చదివి వినిపించేది. సోమవారం ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ఇవ్వాలి, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు నింపాలి, ఐడీ కార్డుకు ఫోటో దిగాలి. మంగళవారం దారం ఎక్కించకుండా కాగితం మీద గీతల వెంబడి మిషన్ నడపాలి. బుధవారం సూది విరిగితే ఏం చేయాలో నేర్చుకోవాలి. గురువారం మంటలంటుకుంటే బయటపడే దారి. శుక్రవారం లైన్లో కూర్చోవాలి. శనివారం వారమంతా నేర్చుకున్నదాని కాగితం మీద సూపర్‌వైజర్ సంతకం.

"మా కంపెనీల తప్పు చేస్తే తిట్టరు, దాచిపెడితేనే తిడ్తరు. గిది అన్నిటికన్న పైన రాసిన, అవ్వా. బాగుందా?" అని అడిగింది.

"బాగుంది గని, గీ పోరిలు నోరు తెరుస్తరా? మిషన్ల మోతల వీళ్ల మాట ఎవలకు ఇనబడ్తది?"

అందుకని వీడియో చివర ఒక అభ్యాసం పెట్టింది. అందరూ చేయెత్తి గట్టిగా పిలవాలి. బెంగళూరు పెద్దాఫీసు పంపిన నమూనాలో స్పష్టంగా ఉందట: మనుషుల పేర్లు వద్దు, హోదా రాయండి, మనుషులు మారుతుంటారు అని. కానీ మన దగ్గర ఆడపిల్ల నోట 'సూపర్‌వైజర్' అని పిలుపెక్కడ వస్తుంది? వరస కలపనిదే మాట కలవదు. తేజస్విని ఆ మాట కొట్టేసి, 'శాంతక్కా, ఇటు రా!' అని రాసింది. శాంత అప్పుడు మూడో లైన్ సూపర్‌వైజర్. పవర్‌లూముల మోతలో పుట్టి పెరిగిన పిల్ల, మెల్లగా మాట్లాడడమే ఎరగదు. అందుకే గొంతు కూడా ఆమెదే పెట్టారు.

శాంత పోయాక కూడా వీడియో ఆగలేదు. పెద్దాఫీసు ఒప్పుకున్నదాన్ని ముట్టుకోవాలంటే మళ్లీ వాళ్లే ఒప్పుకోవాలట. "తనిఖీ అయినంక సూద్దాం" అన్నాడు మేనేజర్ భాస్కర్ సారు. నేనూ వద్దనలేదు. నిజం చెబుతున్నాను, ఆ నాలుగు నిమిషాల కోసమే సోమవారం దాకా బతికేదాన్ని. ఊయల ఆపి, గోడకు చెవి పెట్టి వినేదాన్ని. "అందరు చెయ్యెత్తుండ్రి, సిగ్గువడకుండ్రి, నన్ను పిలువుండ్రి" అనేది నా బిడ్డ. ఇరవై గొంతులు ఒక్కసారిగా పిలిచేవి.

ఒక బుధవారం అమృత పాలివ్వడానికి వచ్చింది. మేడిపల్లి నుంచి సిరిసిల్లకు కోడలిగా వచ్చిన పిల్ల, చేరి మూడు రోజులు. పిల్లవాణ్ని అందుకోకుండా తన అరచేయే చూసుకుంటూ నిలబడింది.

"ఏమైంది బిడ్డా?"

"సూది ఇరిగింది అవ్వా. రెండు ముక్కలు దొరికినయి, మొన దొర్కలే. అన్ని ముక్కలు దొరికితెనే కొత్త సూది ఇస్తరట గదా, ఏడుపొచ్చింది. వీడియోల చెప్పినట్టు చెయ్యెత్తి పిలిచిన. అక్క అచ్చింది."

"ఏ అక్క? ఇప్పుడున్న సూపర్‌వైజర్ కళావతా?"

"కాదు, శాంతక్క. వీడియోల గొంతే. అయస్కాంతం పెట్టి, బట్టను జరిపే పళ్ల కిందికెల్లి మొన తీసింది. మూడు ముక్కలు రిజిస్టర్ల టేపేసి అంటించింది. మంచిదే గని అవ్వా, చెయ్యి ఇంత సల్లగున్నది!"

నా ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు. వాడి వెచ్చదనం తప్ప ఇంకేమీ తెలియలేదు నాకు.

"ఏమన్న మాట్లాడిందా?"

"పోయేటప్పుడు అడిగింది, బెల్లు కొట్టిండ్రా అని. ఇంకా కొట్టలే అక్కా అన్న. 'ఎప్పుడు పోదునో ఇంటికి' అనుకుంట గోడ దిక్కు పోయింది."

తేజస్వినిని పిలిపించాను. సూదుల రిజిస్టర్ తెచ్చింది. ఆ రోజు తేదీ, మిషన్ నంబరు, టేపు కింద మూడు ముక్కలు, పక్కన సంతకం. నేను రెండో తరగతి దాటలేదు గాని, ఆ 'శ' తోక సాగదీసి కింద చుట్ట చుట్టడం నాకు తెలుసు. రేషన్ కాగితాల మీద ఎన్నిసార్లు చూశానో! తేజస్విని వెళ్లి, శనివారం కాగితాల కట్ట తెచ్చి నేల మీద పరిచింది. కళావతి సంతకాల నడుమ ఒకటి, మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. ఐదు నెలలవి.

"నేను సూడనే లేదవ్వా" అంది. "సంతకం ఉన్నదా లేదా అనే సూసిన గని, ఎవలదని సూడలే."

"వారం వారం ఇరవై మంది పేరు వెట్టి పిలుస్తున్నరు. రాక ఏం జేస్తది? పిలిస్తే ఆగే పిల్ల కాదు నా శాంత."

"మరి తీసెయ్యాల్నా?"

తీసేస్తే ఆ గొంతు మళ్లీ వినబడదు. తీయకపోతే నా బిడ్డకు బెల్లు కొట్టరు. ఆమె లూములు నడిపింది, పిల్లల్ని కన్నది, ఇక్కడ లైన్లో నిలబడి కాళ్లు వాచేలా పని చేసింది. చచ్చాక కూడానా?

"తీసెయ్యి బిడ్డా. పేరు తీసెయ్యి, గొంతు తీసెయ్యి."

"ఫోన్ల ఒక కాపీ వెట్టుకుంటవా?"

"వద్దు. నా దగ్గరుంటే రోజూ నేనే పిలుస్త."

తేజస్విని భాస్కర్ సారు దగ్గరికి వెళ్లి, నమూనాకు విరుద్ధంగా పేరు రాసిన తప్పు తనదేనని ఒప్పుకుంది. పెద్దాఫీసుకు అదే రాసి పంపింది. తప్పు ఒప్పుకున్న ఆ కాగితం చూసి వాళ్లు మార్పుకు సరేనన్నారు. పది రోజుల్లో మాట మార్చారు, కళావతితో చదివించారు. కళావతి నాలుగుసార్లు తడబడి, "నా గొంతేంది, కప్ప బెకబెకలాడినట్టున్నది" అని తానే నవ్వింది.

తర్వాతి సోమవారం తొమ్మిదిన్నరకు నేను గోడకు దూరంగా కూర్చున్నాను. వద్దనుకున్నా చెవులు అటే పోయాయి. ఆధార్, పాస్‌బుక్, కాగితం మీద గీతలు, సూది, మంటల దారి. చివరికి కళావతి గొంతు: "చెయ్యెత్తి, సూపర్‌వైజర్ అని గట్టిగ పిలువుండ్రి." ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ ఎగుడుదిగుడుగా ఆ మాట అన్నారు.

అప్పుడు నా గది తలుపు దగ్గర గాలి చల్లబడింది. ఎవరూ లేరు. కానీ పిలుస్తారేమోనని ఆగిన మనిషి ఉంటే ఎలా ఉంటుందో, గడప అలా ఉంది. పిల్లలంతా ఒక్కసారిగా అటు చూశారు. ఏడవలేదు. అమృత కొడుకు చేయి చాచాడు.

పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. రెండక్షరాలు. అంటే చాలు, నా బిడ్డ లోపలికి వస్తుంది.

కొంగు నోట్లో కుక్కుకుని, పళ్లతో గట్టిగా కరిచి పట్టాను. ఎంతసేపో తెలియదు. తలుపు రెక్క కొద్దిగా కదిలి ఆగింది. పిల్లలు ఒకరొకరుగా చూపు తిప్పుకుని ఆటలో పడ్డారు. అమృత కొడుకు మాత్రం వాకిలి దాటి, ఆవరణ దాటి, గేటు దాకా ఎవరినో చూపులతో సాగనంపి, చేయి దించాడు.